గుండ్రంగ కూసొని నేర్సుకునే ‘వద్దు’

మన ఊరి బడికి ఏడాదికొకపారి ఎవరో ఒకరు వస్తరు. గోడకు చార్ట్ తగిలిస్తరు. ఇది గుడ్ టచ్, ఇది బ్యాడ్ టచ్ అని వేలు పెట్టి సూపిస్తరు. పిల్లలంత ఒక్క గొంతుతోని ‘బ్యాడ్ టచ్’ అని ఒర్రుతరు. ఫొటో దిగుతరు, పోతరు. తెల్లారి అదే క్లాసుల ఒక ఐదేండ్ల పోరన్ని పక్కకు పిలిచి, ‘నీకు ఇష్టం లేకుంట ఎవరన్న ముట్టుకుంటె ఎవరికి చెప్తవు బిడ్డా?’ అని అడుగుండ్రి. చానమంది నేల సూపులు సూస్తరు. నిన్న గట్టిగ ఒర్రిన నోరు ఇయ్యాల లేవది.

పిల్లలకు తెలివి లేక కాదు. ఇన్న మాట వేరు, అలవాటైన మాట వేరు. ఈత గురించి గంట సేపు చెప్తె ఈత రాదు, బాయిల దిగాలె. పెద్దమనిషి ముంగట నిలవడి ‘వద్దు’ అనుడు, తర్వాత ఇంటికొచ్చి ‘అమ్మా, గిట్ల జరిగింది’ అని చెప్పుడు కూడ గంతే. నాలుగేండ్ల నుంచి ఏడేండ్ల పిల్లలకు అది అలవాటు కావాలంటె ఆటనే తొవ్వ. ఊర్ల ట్యూషన్లు చెప్పే అక్కలు, యూత్ సంఘం అన్నలు, అంగన్‌వాడీ టీచర్‌తోని కలిసి ఈ ఆటలు ఆడియ్యొచ్చు. ఎట్ల ఆడియ్యాల్నో, యాడ తప్పుతదో ఈడ సూద్దాం.

చెడు చేసేది తెలిసినోడే

మనం పిల్లలకు మొదట చెప్పే మాట ‘కొత్తోళ్లతోని పోకు, కొత్తోళ్లు చాక్లెట్ ఇస్తె తీసుకోకు’. అది తప్పు మాట కాదు గని, సగం మాటనే. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు సూస్తె, పిల్లల మీద అత్యాచారం కేసులు 100 ఉంటె 90కి పైగ కేసులల్ల నిందితుడు ఆ పిల్లకు తెలిసినోడే. ఇంటోడు, సుట్టం, పక్కింటాయన, నాయిన దోస్తు, ఆటో నడిపేటోడు, చదువు చెప్పేటోడు, గిసొంటోళ్లే ఎక్కువ.

ఈడనే అసలు చిక్కు. ఒక దిక్కు ‘పెద్దోళ్ల మాట ఇనాలె’ అంటం. సుట్టాలొస్తె ‘మామకు ముద్దియ్యి, సిగ్గెందుకు’ అని ముందుకు తోస్తం. పిల్ల వెనక్కి జరిగితె ‘మర్యాద తెల్వది’ అని తిడుతం. ఇంకో దిక్కు, ఎవరన్న తప్పుగ ముట్టుకుంటె మాత్రం గట్టిగ ‘వద్దు’ అనాలె అంటం. ఏడాది పొడుగు తలకాయ ఊపుడు నేర్పి, ఒక్క దినం అడ్డం తిరగమంటె యాడికెల్లి తిరుగుతది? అందుకే ఆట కొత్తోని ముచ్చటతోని మొదలు కావొద్దు. తెలిసినోళ్లకు, పెద్దోళ్లకు ‘వద్దు’ అనుడుతోనే మొదలు కావాలె.

ఇంకో చిక్కు ‘గుడ్, బ్యాడ్’ అనే మాటలతోని వస్తది. ‘నీకు మంచిగ అనిపిస్తె గుడ్, చెడ్డగ అనిపిస్తె బ్యాడ్’ అని చెప్తె చిన్న పిల్ల నిజంగనే అట్లనే లెక్క వేస్తది. సూది నొప్పి పెడ్తది కాబట్టి డాక్టర్‌ది బ్యాడ్ టచ్. చాక్లెట్ ఇచ్చి, కితకితలు పెట్టి, నవ్విచ్చుకుంట ముట్టుకునేటోనిది గుడ్ టచ్. అమెరికాల శాండీ వర్టెల్ అనే సైకాలజిస్టు 1980లల్ల చిన్న పిల్లల మీద ఈ రెండు తీర్లను పోల్చి సూసింది. ఎట్ల అనిపిస్తదో సూసుకోమని నేర్పిన పిల్లల కంటె, ‘నీ ఒళ్లు నీది, ఈ భాగాలు వేరేటోళ్లు ముట్టొద్దు’ అని సాఫ్ సీదా నియమం నేర్పిన పిల్లలే తప్పు ముట్టుడును మంచిగ గుర్తువట్టిన్రు. గందుకే ఆటల ‘నీకెట్ల అనిపించింది’ అనేది రెండోది. నియమం మొదటిది.

ఆట కంటె ముందు

మొదలు పిల్లల తల్లిదండ్రులను ఒక్కపారి కూసోవెట్టి ఏం ఆడిపిస్తున్నమో చెప్పాలె. చెప్పకుంట మొదలువెడితె పిల్ల ఇంటికి పోయి ‘తాతా, ముద్దు వద్దు’ అంటది, తెల్లారి తాత కట్టె పట్టుకొని వస్తడు. తల్లులకు ఒక మాట ఒప్పజెప్పాలె: ‘పిల్ల వద్దంటె బలవంతం చెయ్యకుండ్రి, నమస్తే పెట్టమనుండ్రి.’ మర్యాదకు మర్యాద దక్కుతది, పిల్ల మాటకు విలువా దక్కుతది.

ఒక గుంపుల 12 నుంచి 15 మంది కంటె ఎక్కువ ఉండొద్దు. 20 నిమిషాలు సాలు. వారానికొకపారి, ఐదారు వారాలు. నడిపియ్యనీకి ఇద్దరు పెద్దోళ్లు ఉండాలె, ఒక్కరే ఉండొద్దు. తలుపులు తెరిచే ఉండాలె, వచ్చేపోయేటోళ్లకు కనవడాలె. ఫోన్‌ల వీడియో తియ్యొద్దు. ఆడ పిల్లలు ఏం చెప్తరో మనకు ముందుగాల తెల్వది, అది రికార్డు కావొద్దు. ఎవరన్న ఆడ అంటె పక్కకు కూసోనియ్యాలె. ‘వద్దు’ నేర్పే ఆటల బలవంతంగ కూసోవెడితె అదేం నేర్పుడు?

సుద్దముక్కతోని నేల మీద పెద్ద సున్న గియ్యుండ్రి. ఒప్పులకుప్ప, బతుకమ్మ ఆడే పిల్లలకు గుండ్రంగ నిలవడుడు కొత్తేం కాదు. అండ్ల ముందు ఎనక ఉండది, అందరికి అందరు కనవడ్తరు.

మొదటి ఆట: అడిగి ముట్టు

ఒకరు సున్న లోపలికి వస్తరు. ఇంకొకరి ముంగటికి పోయి అడుగుతరు: ‘చెయ్యి కలుపుదామా? చప్పట్టు కొడదామా? నమస్తే పెట్టుకుందామా?’ ముంగటున్నోళ్లు ఒకటి ఎంచుకోవచ్చు, లేకుంటె ‘వద్దు’ అనొచ్చు. ‘వద్దు’ అంటె అడిగినోళ్లు ‘సరే’ అని నవ్వుకుంట పక్కోళ్ల దగ్గరికి పోవాలె. అలగొద్దు, మళ్ల అడగొద్దు. ఆట మొత్తం ఈ ‘సరే’ల ఉంది. పిల్లలు ‘వద్దు’ అనుడే కాదు, వేరేటోళ్లు ‘వద్దు’ అంటె ఆగుడు కూడ నేర్సుకుంటరు. మొగపిల్లలకు ఇది మరీ అక్కెర.

రెండు వారాలైనంక పెద్దోళ్లు లోపలికి పోవాలె. టీచరే పోయి ‘చెయ్యి కలుపుదామా బిడ్డా?’ అని అడగాలె. పిల్ల ‘వద్దు’ అన్నప్పుడు టీచర్ ‘సరే బిడ్డా’ అని ముందుకు పోవాలె. టీచర్ లెక్కటి మనిషికి వద్దన్నా ఏం కాదని ఆ పిల్ల కండ్లార సూస్తది. చార్ట్ మీద ఎన్ని బొమ్మలు గీసినా ఈ పని చెయ్యయి.

గొంతు మీద కూడ పని చెయ్యాలె. చానమంది పిల్లలు ‘వద్దు’ అని కిసకిస నవ్వుతరు, లేకుంటె గొణుగుతరు. నిటారుగ నిలవడి, అరచెయ్యి ముంగటికి వెట్టి, కండ్లల్ల సూసుకుంట అనమనాలె. ఒకపారి ఎలుక గొంతుతోని, ఒకపారి పిల్లి గొంతుతోని, ఒకపారి పులి గొంతుతోని అనిపిస్తె నవ్వుకుంటనే నేర్సుకుంటరు.

రెండో ఆట: ఒళ్లు ముట్టి పేరు చెప్పు

‘ముక్కు’ అంటె అందరు తమ ముక్కు ముట్టుకోవాలె. చెవి, మోకాలు, కడుపు, గిట్ల పోయి, తర్వాత ‘చెడ్డి, బనీను కప్పే భాగాలు’ అని ఆగాలె. అవి ముట్టమనొద్దు, బొమ్మ మీద సూపియ్యాలె. 2012ల ఆమిర్ ఖాన్ ‘సత్యమేవ జయతే’ల పిల్లలను కూసోవెట్టుకొని ఛాతీ, కాళ్ల నడుమ, పిర్రలు అని మూడు జాగలు సూపిచ్చింది కూడ గిట్లనే. అవి సిగ్గువడే జాగలని చెప్పొద్దు. సిగ్గు అని నేర్పితె, రేపు ఏమన్న అయితె చెప్పనీకి గదే సిగ్గు అడ్డమొస్తది. ఇంట్ల ఏ పేరు పిలుస్తరో ఆ పేరే పిలువనియ్యుండ్రి. పేరు తెలిస్తెనే కదా ఏమైందో చెప్పేది.

నియమం గింతే: ‘ఈ జాగలు నావి. వేరేటోళ్లు ముట్టొద్దు, సూడొద్దు, ఫొటో తియ్యొద్దు. వాళ్లవి నన్ను ముట్టమనొద్దు.’ రెండే మినహాయింపులు. చిన్నగున్నప్పుడు అమ్మనో, అవ్వనో తానం పోసి సాఫ్ చేసుడు. ఒంట్ల బాగ లేనప్పుడు అమ్మ పక్కన ఉండంగ డాక్టర్ సూసుడు. ‘ఇది ఎవరికీ చెప్పకు’ అని ఎవరన్న అన్నరంటె, వాళ్లు ఎవరైనా సరే, వెంటనే చెప్పాలె.

మూడో ఆట: చిట్టి ముచ్చట

ఇది అన్నిటి కంటె ముఖ్యమైన ఆట, కొద్దిగ నెమ్మదిగ ఆడియ్యాలె. ఇండ్ల ఏ పిల్లనూ బాధితురాలిగ నిలవెట్టొద్దు, ఏ పెద్దమనిషీ తప్పు చేసేటోని వేషం కట్టొద్దు. ఒక బట్ట బొమ్మ తీసుకోవాలె. పేరు చిట్టి అనుకుందాం. సున్న బయట మూడు మూలలకు మూడు కుర్సీలు. ఒకదాండ్ల అమ్మ, ఒకదాండ్ల నాయినమ్మ, ఒకదాండ్ల టీచర్. ఇద్దరిని అక్కలు, అన్నలు ఆడొచ్చు, టీచర్ వేషం టీచరే.

అక్క ముచ్చట చెప్తది: ‘చిట్టి పక్కింట్ల టీవీ సూస్తుంది. ఆ ఇంటి మామ చిట్టికి బాగ తెలుసు, రోజు బిస్కెట్లు ఇస్తడు. ఇయ్యాల చిట్టి చెడ్డి దగ్గర చెయ్యి వెట్టిండు. ఇది మన ఇద్దరి సీక్రెట్, ఎవరికీ చెప్పకు అన్నడు. ఇప్పుడు చిట్టి ఏం చెయ్యాలె?’ పిల్లలు ఒక్కొక్కరు బొమ్మను పట్టుకొని మూడు పనులు చేసి సూపియ్యాలె. అరచెయ్యి ముంగటికి వెట్టి ‘వద్దు’. అక్కడి నుంచి నడిచి పోవుడు. కుర్సీ కాడికి పోయి చెప్పుడు.

ఇప్పుడు మెలిక. పిల్ల బొమ్మను తీసుకొని అమ్మ కుర్సీ కాడికి పోతది. అమ్మ వేషమున్నామె బియ్యం ఏరుకుంట ‘పోయి ఆడుకో పో, తర్వాత చెప్పు’ అంటది. పిల్ల నిలవడి సూస్తది, అక్క దిక్కు మల్లుతది. అక్క చెప్తది: ‘అమ్మకు ఇనవడలే. ఇప్పుడెవరికి చెప్తం?’ పిల్ల నాయినమ్మ కాడికి పోతది. నాయినమ్మ ‘ఛ, మామ అసొంటోడు కాదు, అబద్ధాలు చెప్పకు’ అంటది. మళ్ల వెనక్కి. మూడో కుర్సీల టీచర్ లేచి, కిందికి వంగి, ‘చెప్పు బిడ్డా, నేను ఇంటున్న. నువ్వు చెప్పి మంచి పని చేసినవ్’ అంటది. అందరు చప్పట్లు కొడ్తరు.

ఈ రెండు అడ్డంకులు కావాలనే వెడుతం. నిజంగ చిన్న పిల్ల ఒకపారి చెప్పి, ఇననోళ్లను సూసి, మళ్ల జన్మల నోరు తెరువది. ‘ఇనేదాక చెప్పాలె’ అనేది నోటితోని చెప్తె ఎక్కది, మూడు కుర్సీలు తిరిగితె ఎక్కుతది. ఆట అయినంక ఒక్కొక్కరు తమ ఐదు వేళ్లకు ఐదుగురి పేర్లు వెట్టుకోవాలె. అండ్ల ఒక్కరన్న ఇంటి బయటోళ్లు ఉండాలె. ఇంట్లనే తప్పు జరిగితె ఇంటోళ్ల పేర్లు పనికిరావు కదా.

ఇంకో వారం అదే ముచ్చటను మార్చి చెప్పాలె: ‘చిట్టికి భయమైంది. నోరు పెగల్లే. వద్దు అనలే, ఉరుకలే. గమ్మునున్నది. తప్పెవరిది?’ పిల్లలల్ల సగం మంది ‘చిట్టిది’ అంటరు. మనం నేర్పిన ‘వద్దు’ నుంచే ఈ తప్పు అర్థం పుడ్తది. వద్దు అనాలె అని చెప్పినం కాబట్టి, అననోళ్లదే తప్పు అనుకుంటరు. దాన్ని అప్పుడే సక్కజెయ్యాలె: ‘తప్పు మామది. భయమైతె గొంతు రాదు. చిట్టి రేపు చెప్పొచ్చు, నెల తర్వాత చెప్పొచ్చు, ఎప్పుడు చెప్పినా మంచిదే.’ ‘వద్దు’ అనుడు బలం, గని ‘చెప్పుడు’ అంతకంటె పెద్ద బలం. యాది పెట్టుకోవాల్సింది ఇదే.

నేర్సుకున్నరా, చిలుక పలుకులా?

గుంపుల అందరు కలిసి చెప్పే జవాబును నమ్మొద్దు. ఒక్కొక్కరిని, అందరికి కనవడే జాగలనే కొంచెం పక్కన కూసోవెట్టుకొని, చిన్న చిన్న ముచ్చట్లు అడగాలె. అండ్ల మంచివీ, చెడ్డవీ కలిపి ఉండాలె. ‘అవ్వ తలకు నూనె రాస్తుంది’, ‘పెద్దబాపు చెడ్డి ఇప్పుమన్నడు’, ‘అమ్మ పక్కన ఉండంగ నర్సు సూది ఏసింది’, ‘ట్యూషన్ సార్ ఒళ్లె కూసోవెట్టుకొని బనీను లోపల చెయ్యి వెట్టిండు’. అన్నిటికి ‘వద్దు’ అనే పిల్లకు భయం నేర్పినం, తెలివి నేర్పలే. అవ్వ నూనెకు సరే అని, సార్ చెయ్యికి వద్దు అని, పోయి ఎవరికి చెప్తదో పేరు వెట్టి చెప్తె అప్పుడు నేర్సుకున్నట్టు. నెల తర్వాత మళ్ల అడగాలె. చిన్న పిల్లలు జల్ది మరిచిపోతరు, ఏడాదికి రెండు మూడుపార్లు తిరగేయాలె.

ఆట నడుమల పిల్ల నిజం చెప్తె

ఇది జరగొచ్చు. చిట్టి ముచ్చట నడుస్తుంటె ఒక పిల్ల ‘మా ఇంటి కాడ కూడ గిట్లనే’ అని మొదలువెడ్తది. అందరి ముంగట మొత్తం చెప్పనియ్యొద్దు, అట్లని నోరు మూపియ్యొద్దు. ‘నువ్వు చెప్పేది నాకు చాన ముఖ్యం. ఆట అయినంక మనిద్దరం కూసొని మాట్లాడుదాం’ అని చెప్పి, ఆ మాట తప్పకుంట నిలవెట్టుకోవాలె.

కూసున్నప్పుడు నెమ్మదిగ ఇనాలె. ‘నిన్ను నమ్ముతున్న. నీ తప్పు లేదు. చెప్పి మంచి పని చేసినవ్.’ ఈ మూడు మాటలు సాలు. ‘ఎక్కడ, ఎన్నిపార్లు, అట్లనే చేసిండా’ అని గుచ్చి గుచ్చి అడగొద్దు. జవాబును మనమే నోట్ల వెట్టినట్టయితది, రేపు కేసుల అదే అడ్డం తిరుగుతది. పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే, తేదీ ఏసి రాసి పెట్టుకోవాలె. ‘ఎవరికీ చెప్పను’ అని మాటియ్యొద్దు. ‘నిన్ను కాపాడేటోళ్లకు మాత్రం చెప్త’ అనాలె. పోయి ఆ మనిషిని నిలదీసుడు, కొట్టుడు అసలే వద్దు. వాడు పిల్లను బెదిరిస్తడు, లేకుంటె పారిపోతడు.

2012ల వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇసొంటిది తెలిసిన ప్రతి ఒక్కరు పోలీసులకు చెప్పాలె. 19వ సెక్షన్ అదే చెప్తది. తెలిసి చెప్పకుంటె 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు పడొచ్చు. మంచి మనసుతోని చెప్పినోళ్ల మీద కేసు ఉండదు. 1098కు ఫోన్ చేస్తె పైసలు పడయి, రాత్రి పగలు పలుకుతరు. ఆపద ఉందనుకుంటె 112. పిల్ల వాంగ్మూలం ఇంటి కాడనో, పిల్లకు ఇష్టమైన జాగలనో తీసుకోవాలె, పోలీసు యూనిఫాంల రావొద్దు, వీలైనంత మటుకు ఎస్‌ఐకి తగ్గని మహిళా అధికారి రావాలె. పిల్లను రాత్రి ఠాణాల ఉంచొద్దు. ఆడపిల్ల అయితె వైద్య పరీక్ష లేడీ డాక్టరే చెయ్యాలె. ఈ మధ్యనే జరిగి ఉంటె తానం చేపియ్యక ముందే, బట్టలు ఉతుకక ముందే దవాఖానకు తీస్కపోవాలె. ఆ బట్టలు కాయితం సంచిల పెట్టుకపోతె మంచిది.

ఊర్లల్ల ఈడనే రెండు తప్పులు జరుగుతయి. ఒకటి, పెద్దమనుషులు కూసొని పైసలు మాట్లాడి మాఫీ చేసుడు. ఇది రాజీ చేసుకునే కేసు కాదు. రెండు, కోపం మీద వాట్సాప్ గ్రూపుల పిల్ల పేరు, ఫొటో, తల్లిదండ్రుల పేరు ఏసుడు. న్యాయం కోసమే ఏసినా అది నేరమే, 23వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పిల్ల బతుకంత ఆ ఫొటో ఎంటవడ్తది.

ఆట చెయ్యలేనిది

ఒక నిజం మరువొద్దు. బడులల్ల ఇసొంటి పాఠాల మీద జరిగిన 24 పరిశోధనలను కలిపి 2015ల కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష చేసింది. పిల్లలకు తెలివిడి పెరుగుతదని, ఏం చెయ్యాల్నో చెప్పగలుగుతరని తేలింది. దాంతోని నిజంగ అత్యాచారాలు తగ్గినయా అనేటందుకు మాత్రం గట్టి రుజువు దొరకలే. నలభై ఏండ్లోడు మీద చెయ్యేస్తె నాలుగేండ్ల పిల్ల ‘వద్దు’ అన్నంత మాత్రాన వాడు ఆగుతడని ఎవరూ పూచీ ఇయ్యలేరు. కాపాడే బరువు పిల్ల నెత్తి మీద వెట్టనీకి ఈ ఆట కాదు. జరిగితె లోపల దాసుకోకుంట తొందరగ బయటవెట్టేటట్టు చెయ్యనీకి ఈ ఆట.

అందుకని ఆటల పిల్లల కంటె ఎక్కువ పని కుర్సీల కూసున్నోళ్లది. ఊర్ల ప్రతి పిల్ల ఐదు వేళ్లకు ఐదు పేర్లు వెట్టుకుంటది. అండ్ల ఒక వేలు మీద నీ పేరు ఉండొచ్చు. ఆ దినం నువ్వు ఫోన్ సూసుకుంట ‘తర్వాత చెప్పు’ అంటవా, ఫోన్ పక్కకు వెట్టి కిందికి వంగి ‘చెప్పు బిడ్డా’ అంటవా? పిల్ల నేర్సుకున్న ‘చెప్పుడు’ నిలవడేది నీ ఇనుడు మీదనే.